పటం మీద గీత, పడమటి మండలాల వాన

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీలో కొప్పెన్ పద్ధతి ప్రకారం గీసిన శీతోష్ణస్థితి పటం వేశారు. తిరుపతి, పుత్తూరు, నగరి వైపు ఒక రంగు, పడమటి అంచుకు ఇంకో రంగు. మొదటిదాని కింద ‘ఉష్ణమండల సవన్నా’ అని, రెండోదాని కింద ‘అర్ధ శుష్క’ అని రాశారు. ఆ తర్వాత వారం పాటు వచ్చిన లేఖలు కూడా చదివాను. గీతకు తూర్పున ఉన్న మండలాలకు డ్రిప్ సబ్సిడీలో ప్రాధాన్యం ఎందుకని ఒకాయన అడిగారు. మా మండలాన్ని కావాలనే తడి రంగులో చూపించారని ఇంకొకాయన కోప్పడ్డారు. తడి రంగు పడిన చోట కరువు ప్రకటన మాటేమిటని మరో పాఠకుడు అడిగారు. అందరూ ఆ గీతను పొలం గట్టులాగే నమ్మేశారు. డిగ్రీ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని కాబట్టి, అసలా గీత ఎలా పుడుతుందో రాయాలనిపించింది. లేఖ కాస్త పొడుగైతే మన్నించాలి.

వ్లాదిమిర్ కొప్పెన్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి, జర్మనీలో పనిచేసిన వాతావరణ శాస్త్రవేత్త. 1884లో ముందు ఉష్ణోగ్రతను బట్టి మండలాలు గీశారు. 1900లో మొక్కలను ఆధారం చేసుకుని పూర్తి వర్గీకరణ తెచ్చారు. దాన్ని 1918లో, మళ్లీ 1936లో దిద్దుకున్నారు. ఆయన పోయాక రుడాల్ఫ్ గైగర్ సవరించారు. ఆ రోజుల్లో థర్మామీటరు, వానమాపకం ఉన్న కేంద్రాలు ప్రపంచం మొత్తం మీద తక్కువే. చెట్లు మాత్రం అన్నిచోట్లా ఉన్నాయి. ఏ చెట్టు ఎక్కడిదాకా బతుకుతోందో చూసి, ఆ హద్దు దగ్గర ఉష్ణోగ్రత, వాన ఎంత ఉన్నాయో లెక్క తీస్తే, అదే శీతోష్ణస్థితికి హద్దు అవుతుందని ఆయన ఆలోచన. అత్యంత చల్లని నెల సగటు 18 డిగ్రీలకు తగ్గకపోతే ఉష్ణమండలం అనడం, అత్యంత వెచ్చని నెల సగటు 10 డిగ్రీలు కూడా దాటని చోట అడవి పెరగదనడం ఇలా వచ్చినవే. అంటే ఈ అంకెలు మొక్కలను చూసి కుదుర్చుకున్నవి. 17.9కి, 18.1కి మధ్య ఆకాశంలో ఏ మార్పూ ఉండదు.

మన గొడవ మాత్రం 18 డిగ్రీలతో కాదు. తిరుపతిలో జనవరి సగటు కూడా దానికి చాలా పైనే ఉంటుంది. గొడవంతా పొడి ప్రాంతాన్ని విడదీసే సూత్రంతోనే. కొప్పెన్ పద్ధతిలో అన్నిటికంటే ముందు చూసేది దాన్నే. నీరు చాలక చెట్టు ఆగిపోయిన చోట ఇక ఉష్ణోగ్రతను బట్టి పేరు పెట్టడంలో అర్థం లేదు గదా.

ఎండ పెరిగేకొద్దీ ఆవిరయ్యే నీరు పెరుగుతుంది. అందుకని ఇన్ని మిల్లీమీటర్లు పడితే తడి, పడకపోతే పొడి అని ప్రపంచమంతటికీ ఒకే అంకె పెట్టడం కుదరదు. కొప్పెన్ ఏం చేశారంటే, ఏడాది సగటు ఉష్ణోగ్రతను 20తో గుణించమన్నారు. దానికి వాన ఏ కాలంలో పడుతుందో చూసి కొంత కలపమన్నారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉన్న ఆరు నెలల్లో 70 శాతమో, అంతకంటే ఎక్కువో పడితే 280 కలపాలి. అక్టోబర్ నుంచి మార్చి దాకా 70 శాతం పడితే ఏమీ కలపనక్కర్లేదు. రెండూ కాక మధ్యలో ఉంటే 140. వచ్చిన మొత్తం ఆ ఊరికి కనీసం ఉండాల్సిన వాన, మిల్లీమీటర్లలో. అసలు వాన దానికంటే తక్కువైతే పొడి ప్రాంతం. అందులో సగం కూడా లేకపోతే ఎడారి, సగానికి పైన ఉంటే అర్ధ శుష్కం.

తిరుపతికి వేసి చూద్దాం. ఏడాది సగటు ఉష్ణోగ్రత 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది. 28ని 20తో గుణిస్తే 560. ఇక్కడ నైరుతీ కురుస్తుంది, ఈశాన్యమూ కురుస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉన్న వేసవి అర్ధభాగం వాటా సగానికి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 140 కలిపితే 700. పాత చిత్తూరు జిల్లా మొత్తానికి చెప్పే మామూలు వర్షపాతమే 930 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. గీత దాటేశాం, పొడి ప్రాంతం కాదు. చల్లని నెల 18కి పైనే కాబట్టి ఉష్ణమండలం, ఫిబ్రవరి, మార్చి దాదాపు ఎండిపోతాయి కాబట్టి సవన్నా. మీ పటంలో తిరుపతి రంగు వెనుక ఉన్న లెక్క ఇంతే.

ఇప్పుడు ఆ 140 దగ్గర ఆగాలి. చలికాలపు వానకు కొప్పెన్ ఎందుకు మినహాయింపు ఇచ్చారు? ఐరోపాలో, మధ్యధరా తీరంలో డిసెంబర్ వాన చల్లని నేల మీద పడుతుంది, త్వరగా ఆవిరి కాదు, అదే వాన జూలైలో పడితే సగం గాలికే పోతుంది. అక్కడికి అది న్యాయమైన లెక్క. ఉత్తరార్ధగోళం అంతటికీ క్యాలెండర్‌ను అలాగే రెండుగా కోశారు. మనకు అక్టోబర్ ఒకటో తేదీ నుంచి చలికాలమట! చిత్త, స్వాతి కార్తెల్లో పడే వాన ఎలాంటి నేల మీద పడుతుందో ఇక్కడి రైతును అడిగితే తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలలంత కాకపోయినా ఆ నేల వెచ్చగానే ఉంటుంది. ఐరోపా చలికాలంతో దానికి పోలికే లేదు. అయినా సూత్రం మాత్రం మన ఈశాన్య వానకు చలికాలపు రాయితీ ఇచ్చి, ఇంత వాన చాలులే అంటుంది. తిరుపతి విషయంలో దీనివల్ల పేరు మారదు. రాయితీ తీసేసి 280 కలిపినా 840 అవుతుంది, వాన అంతకంటే ఎక్కువే.

పడమటి మండలాల్లో అలా కాదు. మదనపల్లె వైపు నేల ఎత్తు, వేడి కాస్త తక్కువ. సగటు 25 డిగ్రీలు, ఏడాదికి 720 మిల్లీమీటర్ల వాన పడే రెండు పల్లెలు ఉన్నాయనుకుందాం. ఒకచోట వేసవి అర్ధభాగం వాటా 69 శాతం. దానికి కావాల్సింది 500 ప్లస్ 140, అంటే 640. 80 మిల్లీమీటర్లు ఎక్కువే ఉంది కాబట్టి సవన్నా. రెండోచోట వాటా 71 శాతం. దానికి 500 ప్లస్ 280, అంటే 780 కావాలి. 60 మిల్లీమీటర్లు తక్కువైంది కాబట్టి అర్ధ శుష్కం. అదే ఎండ, అదే వాన. తేడా అల్లా ఏడాదికి ఒక 15 మిల్లీమీటర్లు సెప్టెంబర్ చివర పడ్డాయా, అక్టోబర్ మొదట్లో పడ్డాయా అన్నదే. ఆ చిన్న తేడాకు గీత ఒక్క గంతులో 140 మిల్లీమీటర్లు జరిగింది. పడమటికి పోయేకొద్దీ ఈశాన్య వాన వాటా తగ్గి నైరుతి వాటా పెరుగుతుంది కాబట్టి, ఇలాంటి గంతు ఎక్కడో ఒకచోట తగలక తప్పదు. మీ పటంలో గీత వంకర తిరిగిన చోట వానే మారిందో, ఈ 70 శాతం మెట్టే తగిలిందో రంగును చూసి చెప్పలేం.

ఇంకో సంగతి, సగటుది. ఇలాంటి పటాలకు మామూలుగా ముప్ఫై ఏళ్ల సగటు తీసుకుంటారు. 2021 నవంబర్‌లో వాయుగుండం వానలకు తిరుపతి వీధులు ఎలా మునిగాయో, స్వర్ణముఖి ఎలా పొంగిందో అందరం చూశాం. ఏదో ఒక ఏడాది ఒక నెలలో మామూలుకంటే 600 మిల్లీమీటర్లు ఎక్కువ పడిందనుకోండి. ముప్ఫైతో భాగిస్తే ఏడాది సగటు 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కావాల్సిన వాన పెరిగేదీ సరిగ్గా 20 మిల్లీమీటర్లే. అంటే ముప్ఫై ఏళ్లలో వచ్చిన ఒక్క వరద, ఊరు ఒక డిగ్రీ వేడెక్కిన సంగతిని లెక్కలో పూర్తిగా కప్పేయగలదు. ఆ వరద నీళ్లు రెండు రోజుల్లో సముద్రం దారి పట్టి ఉంటాయి. వేరుశనగకు దక్కింది లేదు సరికదా, పీకి కుప్ప వేసిన పంట ఉంటే అదీ కుళ్లి ఉంటుంది. సూత్రానికి మాత్రం ఆ వానా, జూలైలో పైరు మీద మెల్లగా పడిన వానా ఒకటే.

కొప్పెన్‌ను తిట్టడానికి ఇదంతా రాయలేదు. ప్రపంచ పటం మీద థార్‌ను, మలబారును, సైబీరియాను వేరు చేయడానికి ఇంత తక్కువ సమాచారంతో ఇంత బాగా పనిచేసే పద్ధతి ఇంకోటి లేదని నా అభిప్రాయం. దాన్ని మండలాల స్థాయికి దించి నిధుల వాదనలోకి లాగడమే తప్పు. ఆ పనికి అమెరికా శాస్త్రవేత్త థార్న్‌త్వైట్ 1948లో ఇచ్చిన పద్ధతి మేలు. అందులో నెలనెలా పద్దు రాస్తారు. ఆ నెల ఎండకు పైరుకు ఎంత నీరు కావాలి, ఎంత పడింది, నేలలో ఎంత నిలవ ఉంది, ఎంత పొర్లిపోయింది, ఎంత లోటు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి.పి. సుబ్రహ్మణ్యం 1950ల్లోనే ఈ పద్ధతిని మన దేశానికి వర్తింపజేశారు. నవంబర్‌లో పొర్లిపోయిన నీరు ఒక గడిలో ఉంటుంది, ఏప్రిల్, మే లోటు ఇంకో గడిలో కనబడుతుంది. దీనికీ లోపం ఉంది. ఒకే రోజు కుండపోతగా పడినా, నెలంతా జల్లులుగా పడినా నెల మొత్తం ఒకటే. నేలలో ఎంత నీరు నిలుస్తుందో కూడా ఎవరో ఒకరు అంచనా కట్టాల్సిందే. ఎర్ర ఇసుక నేలకు పెట్టిన అంకె చెరువు కింద బంకమట్టికి పనికిరాదు.

కరువు ప్రకటన మాట అడిగిన పాఠకుడికి ఒక్క మాట. కరువు వేరు, పొడి శీతోష్ణస్థితి వేరు. వాతావరణ శాఖ ఒక ప్రాంతపు వానను ఆ ప్రాంతపు మామూలు వానతోనే పోలుస్తుంది. లోటు 25 శాతం దాటితే ఓ మోస్తరు కరువు, 50 శాతం దాటితే తీవ్రమైన కరువు అంటుంది. కాబట్టి సవన్నా రంగు పడిన సత్యవేడులోనూ కరువు రావచ్చు, అర్ధ శుష్క రంగులో ఉన్న పల్లెలో ఆ ఏడు రాకపోనూవచ్చు.

మీరు ఇకముందు ఇలాంటి పటం వేస్తే, కింద ఒక చిన్న పట్టిక కూడా వేయమని కోరుతున్నాను. ఏ ఏళ్ల సగటు తీసుకున్నారు, ఏ వానమాపక కేంద్రాల లెక్క, ఒక్కో కేంద్రంలో ఏప్రిల్–సెప్టెంబర్ వాటా ఎంత శాతం, అసలు వాన సూత్రం అడిగినదానికంటే ఎన్ని మిల్లీమీటర్లు ఎక్కువో తక్కువో. ఈ చివరి అంకె 100 లోపు ఉన్న మండలాలకు రెండు రంగుల్లో ఏదీ వేయకుండా చారలు పెట్టండి. మన పడమటి మండలాల్లో చాలావాటికి చారలే వస్తాయని నా అంచనా.

ఇట్లు,
భూగోళశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
తిరుపతి