లతా, ఆ పద్నాలుగో రోజును మరచిపో

హనుమకొండ

ప్రియమైన లతా,

పిల్లల కోసం చూస్తున్నామనీ, ఫోనులో నెలసరి యాప్ నెలసరి మొదలైన పద్నాలుగో రోజుకే సున్నా చుడుతోందనీ, ఆ రాత్రి మీ ఆయనకు భూపాలపల్లి గనిలో డ్యూటీ పడితే నెలంతా వృథా అయినట్టేననీ రాశావు. ఆ లెక్క ఇరవై ఎనిమిది రోజులకు ఠంచనుగా నెలసరి వచ్చేవాళ్లది. నీది కాదు.

అండం విడుదలయ్యాక నెలసరి రావడానికి చాలామందికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ గడువు పెద్దగా మారదు. అటూ ఇటూ అయ్యేదంతా అండం విడుదలకు ముందు కాలమే. అందుకే వెనక నుంచి లెక్కపెట్టాలి. నువ్వు రాసి పంపిన నెలలే చూడు: 29, 41, 33, 36 రోజులు. ఒక్కోదానిలోంచి 14 తీసేస్తే అండం దాదాపు 15, 27, 19, 22వ రోజుల్లో విడుదలై ఉండాలి. వీర్యకణాలు లోపల ఐదు రోజుల వరకు బతుకుతాయి, అండం ఒక్క రోజుకు మించి ఉండదు. కాబట్టి గర్భం నిలిచే అవకాశం ఆరు రోజులే. నీకు ఆ ఆరు రోజులు పదో రోజుకీ ఇరవై ఏడో రోజుకీ మధ్య ఎక్కడైనా పడవచ్చు. క్యాలెండర్ ఇంతకు మించి చెప్పలేదు.

మిగతాది నీ ఒళ్లే చెబుతుంది. నెలసరి ఆగాక కొన్నాళ్లు కింద పొడిగా ఉంటుంది, తర్వాత స్రావం తెల్లగా, జిగటగా అవుతుంది. ఆపైన పచ్చి గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా మారి, రెండు వేళ్ల మధ్య సాగదీస్తే తెగకుండా సాగుతుంది. నీకు కావలసిన రోజులు అవే. మీ అత్తయ్య దాన్ని తెల్లబట్ట అనుకుని కషాయం కాచి ఇస్తే తాగకు. దురదో దుర్వాసనో ఉంటేనే డాక్టరుకు చూపించాలి. నీలాంటి వాళ్లలో ఈ స్రావం ఒకసారి వచ్చి ఆగిపోయి, వారం తర్వాత మళ్లీ రావచ్చు. మొదటిసారి అండం విడుదల కాలేదన్నమాట. కనుక ఒకసారి చూసి గమనించడం మానేయకు.

అండం విడుదలను పట్టడానికి మెడికల్ షాపులో దొరికే కిట్టును మాత్రం ఒంటరిగా నమ్మకు. పీసీఓడీ ఉన్నవాళ్లలో అది కొలిచే హార్మోను ఎప్పుడూ ఎక్కువగానే ఉండవచ్చు, రోజుల తరబడి రెండు గీతలూ చూపిస్తుంది. పొద్దున మంచం దిగకముందు ఒంటి వేడి చూసుకోవడం మంచిదే కానీ, అండం విడుదలయ్యాకే వేడి కొద్దిగా పెరుగుతుంది. వరుసగా మూడు రోజులు పెరిగే ఉంటే ఆ నెల అవకాశం దాటిపోయినట్టు.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే, పదో రోజు నుంచి రెండు రోజులకోసారి కలిస్తే చాలు. ఒక షిఫ్టు అడ్డుపడినా ఏమీ మునిగిపోదు.

నెలసరి 35 రోజులు దాటుతోంది కనుక ఏడాది ఆగకుండా ఇప్పుడే డాక్టరును కలువు, థైరాయిడ్, ప్రొలాక్టిన్ చూస్తారు. అండం విడుదలైందా అని 21వ రోజున రక్తపరీక్ష రాస్తే, నీ తేదీలు చూపించి అడుగు. అది అండం విడుదలైన వారానికి చేయవలసిన పరీక్ష. నీకు 36 రోజుల నెలలో అది 29వ రోజవుతుంది. 21వ రోజున చేస్తే తక్కువ రావడం ఖాయం.

వచ్చే నెల తేదీలు కూడా రాసి పంపు.

నీ
పద్మ