నోటిఫికేషన్ వచ్చిన పది నిమిషాల్లో: షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,

నమస్కారం. నేను సొంత డబ్బుతో షేర్లు కొనీ అమ్మీ చేసే మామూలు మదుపరిని. మూడు నెలల పాటు నా ట్రేడింగ్ యాప్ పంపిన ప్రతి నోటిఫికేషన్‌నూ, నేను పెట్టిన ప్రతి ఆర్డర్‌నూ టైముతో సహా ఒక నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకున్నాను. నా ఫోన్‌లో నోటిఫికేషన్ల చరిత్ర ఒక్క రోజుదే మిగులుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రాత్రే ఎక్కించేవాణ్ణి. అలా రాస్తున్నానని తెలిసి కూడా ట్రేడింగ్ ఆపలేకపోయాను. ఆ నోట్‌బుక్‌లో తేలిన విషయం మీకు చెప్పాలని, కొన్ని మార్పులు అడగాలని ఈ లేఖ రాస్తున్నాను.

మొదలుపెట్టిన రోజు నా ఖాతాలో ఉన్నదాన్ని 100 అనుకుందాం. మూడు నెలల్లో 107 సార్లు కొని, 107 సార్లు అమ్మాను. ఒక్కోసారి సుమారు 25 పెట్టాను. అంటే మొత్తం మీద నా డబ్బును దాదాపు 27 సార్లు తిప్పాను. ఒకసారి కొని అమ్మితే చార్జీలు, పన్నులు, ఒకే క్షణంలో కొనే ధరకూ అమ్మే ధరకూ ఉండే తేడా అన్నీ కలిపి పెట్టిన డబ్బులో సుమారు 0.2 శాతం పోయేది. 25 మీద అది 0.05. ఎవరికైనా లెక్కలోకి రానంత చిన్న మొత్తం, నాకూ రాలేదు. కానీ 107 సార్లకు అది 5.35 అయింది. ఖర్చులు తీయకముందు నాకు 1.9 లాభం ఉంది, తీశాక 3.45 నష్టం తేలింది. మొదటి రోజున్న షేర్లను ముట్టుకోకుండా వదిలేసి ఉంటే నా ఖాతా 102 దగ్గర ఉండేది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది తర్వాతి లెక్క. ఆ 107 కొనుగోళ్లలో 68, ఆ షేరు గురించి నోటిఫికేషన్ వచ్చిన పది నిమిషాల్లోపు జరిగినవే. మిగిలిన 39 నా అంతట నేను ఆలోచించి కొన్నవి. ఈ 39 ఖర్చులు పోగా 2.15 లాభం ఇచ్చాయి. ఆ 68 ఖర్చులతో కలిపి 5.6 నష్టం తెచ్చాయి.

అయ్యా, ఒక మనిషి మూడు నెలల లెక్క దేనికీ రుజువు కాదని నాకు తెలుసు. పైగా నోటిఫికేషన్ రాకపోయినా ధర పెరగడం చూసి నేనే కొనేవాణ్ణేమో అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు నా నోట్‌బుక్‌లో దొరకదు. మనుషులను గుంపులుగా విడదీసి, కొందరికి ఈ హంగులున్న యాప్‌నూ కొందరికి లేని యాప్‌నూ ఇచ్చి చూస్తేనే దొరుకుతుంది. ఆ పని మీ తోటి సంస్థలు చేశాయి. కెనడాలో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ 2022లో ప్రచురించిన ప్రయోగంలో, ట్రేడ్ చేసినందుకు పాయింట్లు ఇచ్చిన గుంపు, ఇవ్వని గుంపు కంటే 39 శాతం ఎక్కువ ట్రేడ్లు చేసింది. ఆ పాయింట్లకు చెప్పుకోదగ్గ విలువ కూడా లేదు. బ్రిటన్‌లో ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ 2024లో వెలువరించిన ప్రయోగంలో కేవలం నోటిఫికేషన్లు చేర్చినందుకే ట్రేడ్ల సంఖ్య 11 శాతం పెరిగింది. ధరలు, సమాచారం మారకపోయినా మనిషి ఎక్కువసార్లు బటన్ నొక్కాడు.

ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు సరిదిద్దగలిగింది అక్కడే ఉంది. "ఈ షేరు ఈరోజు 6% పెరిగింది" అని ఫోన్ మోగుతుంది. ఆ మాట నిజమే, అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ 6 శాతం నాకు తెలిసేసరికే అయిపోయింది, ఇదే సందేశం ఎంతోమందికి ఒకేసారి వెళ్లింది. దాన్ని తాకితే తెరుచుకునేది కంపెనీ గురించి చదువుకునే పేజీ కాదు, నేరుగా ఆర్డర్ పేజీ. అందులో నేను పోయినసారి కొన్నన్ని షేర్లు ముందే నింపి ఉంటాయి. ఆర్డర్ రకం దగ్గర 'మార్కెట్' అని ముందే ఎంచి ఉంటుంది. మార్కెట్ ఆర్డర్ అంటే ధర ఎంతైనా సరే, ఇప్పుడు అమ్మడానికి ఎవరు ముందుకొస్తే వాళ్ల దగ్గర కొనమని చెప్పడం. ధర వేగంగా కదులుతున్నప్పుడు కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా పెరుగుతుంది. కాబట్టి తెరమీద చూసిన ధర ఒకటి, చేతికి వచ్చేది ఇంకొకటి. "ఖాయమేనా?" అని అడిగే పేజీ మొదట్లో ఉండేది. "ఇకపై అడగవద్దు" అన్న గడిలో నేను ఎప్పుడో టిక్ పెట్టానట, నాకు గుర్తే లేదు. వేలు పక్కకు జరిపితే చాలు, పని అయిపోయింది. ఫోన్ మోగడం నుంచి షేరు కొనడం దాకా ఒక్కసారి సరిగ్గా 14 సెకన్లు పట్టింది.

ఇలా గుంపుగా కొన్నవాళ్లకు ఏమవుతుందో కూడా లెక్క ఉంది. అమెరికాలో రాబిన్‌హుడ్ యాప్ వాడేవాళ్ల మీద బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్, వాళ్ల సహచరులు కలిసి చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. ఏ రోజు ఏ షేర్లను ఆ యాప్‌లో జనం అందరికంటే ఎక్కువగా కొన్నారో, ఆ షేర్లు తర్వాతి నెలలో మార్కెట్‌తో పోల్చి చూస్తే సగటున 4.7 శాతం వెనకబడ్డాయి. అదే యాప్ ట్రేడ్ చేసినప్పుడు తెరమీద రంగు కాగితాలు రాల్చేది. విమర్శలు వచ్చాక 2021లో అది తీసేశారు. తీయడం మంచిదే. కానీ రంగు కాగితాలు కంటికి కనిపించే అలంకారం మాత్రమే. ముందే నింపిన ఆర్డర్ పేజీని ఎవరూ ఆటబొమ్మ అనరు, పని చేసేది మాత్రం అదే.

ఇక యాప్‌లోనే ఉండే జనసందడి. ఇప్పుడు అందరూ ఏం కొంటున్నారు, ఈ నెల ఎక్కువ లాభం ఎవరికి, వాళ్ల ట్రేడ్లను ఒక్క బటన్‌తో కాపీ చేయండి. ఈ లాభాల పట్టికలో ఉన్న చిక్కు చాలా సులువైన లెక్క. 1,024 మంది పదేసిసార్లు నాణెం ఎగరేస్తే, పదికి పదిసార్లూ బొమ్మే పడినవాడు సగటున ఒకడుంటాడు. పట్టిక అతన్ని పైన నిలబెట్టి నిపుణుడిగా చూపిస్తుంది. ఎక్కువ రిస్కు తీసుకున్నవాళ్లే పైకైనా అడుక్కైనా చేరతారు, అడుక్కు చేరినవాళ్లను పట్టిక చూపించదు. నేను కాపీ చేసిన ఒకాయన ఆ తర్వాతి నెలలో పట్టికలోనే లేడు. ఆయన ట్రేడ్లు మాత్రం నా ఖాతాలో ఉన్నాయి.

కంపెనీలు ఇదంతా ఎందుకు చేస్తాయో మీకు తెలియనిది కాదు. కమిషన్ తీసుకునే యాప్‌కు ప్రతి ఆర్డర్‌కూ ఆదాయం. కమిషన్ లేదనే చోట కూడా, ఆర్డర్లను పెద్ద సంస్థలకు పంపినందుకు డబ్బు ముట్టే పద్ధతి ఉంటే, ఆదాయం ఆర్డర్ల సంఖ్య మీదే ఆధారపడుతుంది. నాకు లాభం వచ్చిందా నష్టం వచ్చిందా అన్నదానితో వాళ్లకు పని లేదు. నా మేలు వాళ్ల లెక్కలో లేనప్పుడు దాన్ని నిబంధనలో పెట్టాల్సింది మీరే.

అప్పటిదాకా నాలాంటివాళ్లు ఏం చేయవచ్చో నా అనుభవం చెబుతాను. మీ సంస్థ మదుపరుల కోసం సలహాలు ప్రచురించేటప్పుడు, "జాగ్రత్తగా ఉండండి" అనేదానికంటే ఇలాంటివి పనికొస్తాయని నా నమ్మకం. నోటిఫికేషన్లన్నీ ఆపేయడం తప్పు. అప్పు డబ్బుతో కొన్నప్పుడు హామీగా ఉంచాల్సిన మొత్తం, అంటే మార్జిన్, తగ్గిందని చెప్పే సందేశం తెలియకపోతే మన పొజిషన్‌ను, అంటే మనం కొని ఉంచినదాన్ని, వాళ్లే అమ్మేస్తారు. అందుకని ఆర్డర్ పూర్తయింది, మార్జిన్ చాలదు, కొత్త ఫోన్ నుంచి లాగిన్ అయ్యారు అనే మూడింటినీ ఉంచి మిగతావన్నీ తీసేశాను. ఆర్డర్ రకాన్ని లిమిట్‌కు మార్చాను. లిమిట్ ఆర్డర్‌లో ఇంతకు మించి ఇవ్వనని ధర మనమే రాస్తాం. ఆ ధరకు దొరకకపోతే ఆర్డర్ అలాగే ఉండిపోతుంది, దానికి సిద్ధపడాలి. వేలిముద్రతో లాగిన్ తీసేశాను. అన్నిటికంటే పనిచేసింది ఇది: ఏ ఆర్డరైనా మార్కెట్ మూసేశాక కాగితం మీద రాసి, మర్నాడు మాత్రమే పెట్టడం. షేరు పేరు, ధర, ఎన్ని, ఎందుకు అని ఒక్క వాక్యం. చాలాసార్లు ఆ 'ఎందుకు' దగ్గరే ఆగిపోయాను. తర్వాతి మూడు నెలల్లో నా కొనుగోళ్లు 107 నుంచి 11కి తగ్గాయి, ఖర్చు 5.35 నుంచి 0.55కి దిగింది.

అప్పు డబ్బుతో పెద్ద పొజిషన్ పెట్టినవాళ్లకు ఈ పద్ధతి సరిపోదు. వాళ్లు నష్టం ఎక్కడ ఆపాలో కొనేటప్పుడే నిర్ణయించుకుని, ధర అంతకు పడితే దానంతట అదే అమ్మే స్టాప్‌లాస్ ఆర్డర్ పెట్టుకోవాలి. ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచి, అప్పులు చేసి కూడా ఆగలేనివాళ్లకు సెట్టింగులతో పని జరగదు. జూదం వ్యసనానికి చూపించుకున్నట్టే డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేవి. ధర కదలిక గురించిన నోటిఫికేషన్ మదుపరి తనంతట తాను కోరుకుంటే తప్ప రాకూడదు, అది ఆర్డర్ పేజీలోకి తీసుకెళ్లకూడదు. ఆర్డర్ పేజీలో షేర్ల సంఖ్య ఖాళీగా ఉండాలి, లిమిట్ ముందుగా ఎంచి ఉండాలి. అమ్మి బయటపడే ఆర్డర్లకు మాత్రం అడ్డంకి పెట్టవద్దు, ఆ తొందర నిజమైనది కావచ్చు. లాభాల పట్టిక చూపిస్తే, ఏడాది క్రితం ఆ పట్టికలో ఉన్నవాళ్లందరి ఇప్పటి ఫలితాన్నీ దాని పక్కనే చూపించాలి. ప్రతి నెలా స్టేట్‌మెంట్ మొదటి వరుసలో రెండు అంకెలు ఉండాలి: డబ్బును ఎన్నిసార్లు తిప్పారు, దానికి మొత్తం ఎంత ఖర్చయింది.

ఇంకొక్కటి. ఏ నోటిఫికేషన్‌ను తాకి ఏ ఆర్డర్ పెట్టానో నా యాప్‌కు తెలుసు. ఏ సందేశం బాగా పనిచేస్తుందో కొలవడానికి ఆ రికార్డు వాళ్లకు కావాలి. నా ఖాతాకు సంబంధించినంతవరకు దాన్ని ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాను. "అది సంస్థ అంతర్గత సమాచారం" అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. నేను మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని చేత్తో రాసిన లెక్క వాళ్ల దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది. అడిగిన ఖాతాదారుకు ఆ రికార్డు ఇవ్వాలని ఆదేశించండి. నోట్‌బుక్ పేజీల నకళ్లు ఈ లేఖతో మీ కార్యాలయానికి పంపుతున్నాను.

ఇట్లు,
ఒక మదుపరి