ఆదివారం ఉచిత కళ్ళ పరీక్ష, ఫ్రేములు సగం ధరకే

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 10 నుంచి 1 వరకు మన క్లబ్‌హౌస్‌లో ఎదురు వీధి కళ్ళద్దాల షాపువాళ్ళు ఉచితంగా సైటు పరీక్ష చేస్తారు. ఏమీ కొనకపోయినా పవర్ చీటీ రాసిస్తారు, అడిగి తీసుకోండి.

సగం ధర ఫ్రేముకే, లెన్సులకు కాదు. అంటే 1,600 రూపాయల ఫ్రేము 800కి వస్తుంది, 900 లెన్సులు కలిపితే బిల్లు 1,700. లెన్సులు కూడా అక్కడే చేయించుకోవాలి, చేశాక వాపసు తీసుకోరు.

పాత అద్దాలు తప్పక తెండి. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు పవర్ తాత్కాలికంగా మారుతుంది. అలాంటివాళ్ళు అది అదుపులోకి వచ్చాకే కొత్త అద్దాలకు ఆర్డరివ్వండి. రెటీనా పరీక్ష ఇందులో లేదు, దానికి కంటి డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి.

శనివారం రాత్రి 8లోగా పేరు, ఫ్లాట్ నంబరు ఇక్కడ పెట్టండి.