పాయింట్ ముప్ఫై ఐదు గొడవ

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, జవాబు రాయలేదు. తిట్టుకో, పడతాను. ఇంట్లో అందరం కులాసా, నా మోకాలు కాస్త నయం. మిగతావి తర్వాత, ముందు ఇది విను.

టీచర్ల ట్రైనింగ్‌కి పాడ్‌కాస్ట్ స్క్రిప్ట్ రాస్తున్నానన్నాను కదా, క్లాసులో తప్పు జవాబు వస్తే ఏమనాలి అని. ఒక సీను రాశాను. 0.35, 0.8లో ఏది పెద్దదని టీచర్ అడిగితే పిల్లాడు 0.35 అంటాడు. ఆవిడ "తప్పు" అనదు. "వెరీ గుడ్, కూర్చో" అని కూడా అనదు (ఆ సారు గుర్తొచ్చాడా? నవ్వకు!). "ఎలా అనుకున్నావో చెప్పు" అంటుంది. నా భుజం నేనే తట్టుకున్నాను.

నిన్న రిహార్సల్. పిల్లాడి డైలాగులకి మా చెల్లి కూతుర్ని కూర్చోబెట్టాను, ఆరో తరగతి. ఆ ప్రశ్న వినగానే స్క్రిప్టులో లేని మాట అనేసింది: "సారీ మిస్, 0.8." ఎందుకే మార్చావంటే, "ఎలా అని అడిగారంటే తప్పనేగా మామయ్యా!"

నా నోట మాట లేదురా. కరెక్టుగా చెప్పినవాళ్లని "ఎలా" అని ఎవరడుగుతారు?

రాత్రంతా కూర్చుని తిరగరాశాను. ఇప్పుడు సీనులో 0.8 అనే ఇంకో పిల్లని కూడా పెట్టాను. టీచర్ రెండు జవాబులూ బోర్డు మీద రాసి, మొహంలో ఏ తేడా లేకుండా ఇద్దర్నీ "ఎలా" అని అడుగుతుంది. పిల్లాడు "8 కన్నా 35 పెద్దది కదా" అంటాడు. వాణ్ణేం అంటాం, "పాయింట్ ముప్ఫై ఐదు" అని చదివి వినిపించేది మనమే! "పాయింట్ మూడు ఐదు" అంటే కొంత గొడవ తగ్గుతుంది. అసలు మజా రెండో పిల్లది. 0.8 అన్న ఆ పిల్ల, "పాయింట్ తర్వాత అంకెలు తక్కువుంటే అదే పెద్దది" అంటుంది. జవాబు కరెక్టు, లెక్క తప్పు! అదే రూలుతో 0.3, 0.45 ఇస్తే 0.3 పెద్దదంటుంది. పాత స్క్రిప్టులో ఈ పిల్లకి టిక్కు పడిపోయేది.

అప్పుడు టీచర్ ఒక పట్టీ గీసి, పది గళ్లు చేసి, ఎనిమిదింటికి రంగేయిస్తుంది. ఒక్కో గడినీ మళ్లీ పది ముక్కలు చేయిస్తుంది. నూటికి 80 రంగు ముక్కలు. "మరి నీ 0.35కి ఎన్ని?" పిల్లాడే లెక్కపెట్టి, "ముప్ఫై అయిదే" అని గొణుగుతాడు. అక్కడితో వదలకుండా పీరియడ్ చివర వాడికే 0.6, 0.125 ఇస్తుంది, ఆ పిల్లకి 0.3, 0.45. అన్నిటికీ ఇది పనిచేయదనీ రాశాను. ఊరి పేరో, తేదీయో తప్పు చెబితే "ఎలా అనుకున్నావ్" అని పీక్కు తినడం దండగ, సరైనది చెప్పేసి ముందుకెళ్లాలి.

ఇంకోటి, ప్రశ్న వేశాక కనీసం మూడు సెకన్లు ఆగాలని చెప్పి, ఆగి చూపించాను కూడా. ఎడిటింగ్ కుర్రాడు ఆ నిశ్శబ్దం ఏదో పొరపాటనుకుని చక్కగా కత్తిరించి పారేశాడు! వాడితో పొద్దున్నుంచీ అదే...

అదిగో వాడే ఫోన్. మీ అబ్బాయి పెళ్లి సంగతి అడుగుదామనుకుని

ఉంటానురా.