అమ్మకం మీద రాయల్టీ, చేతికి చిప్ప

సంపాదకుడు గారికి,

మా బావమరిది నిరుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక టీ బ్రాండు ఫ్రాంచైజీ తీసుకున్నాడు. ఫీజు 4 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, డిపాజిట్ 2 లక్షలు. నలభై పేజీల ఇంగ్లిష్ అగ్రిమెంటులో వాడు చదివింది డబ్బు కట్టాల్సిన తేదీల వరకే. మిగతాది షాపు తెరిచాక నాకు చూపించాడు.

బ్రాండు పేరు వాడుకున్నందుకు నెలనెలా కంపెనీకి కట్టే రాయల్టీ 6 శాతం అని ఉంది. దేని మీద? లాభం మీద కాదు, మొత్తం అమ్మకం మీద. నెలకు 3 లక్షల అమ్మకం వచ్చినప్పుడు సరుకు, అద్దె, జీతాలు, కరెంటు పోను 30 వేలు మిగిలేది. రాయల్టీ 18 వేలు, దాని మీద జీఎస్టీ 3,240. టీ షాపు 5 శాతం జీఎస్టీ పద్ధతిలో ఉంది కాబట్టి ఆ పన్ను వెనక్కి రాదు. వాడి చేతికి మిగిలింది 8,760. ఎండాకాలంలో అమ్మకం రెండున్నర లక్షలకు పడింది. ఖర్చులు పోను మిగిలింది 7 వేలు, రాయల్టీ మాత్రం పన్నుతో 17,700. అంటే 10,700 ఎదురు పెట్టుకున్నాడు. పైగా టీ పొడి, కప్పులు కంపెనీ దగ్గరే, వాళ్లు చెప్పిన ధరకే కొనాలి. రుచి ఒకేలా ఉండాలంటే పొడి సంగతి ఒప్పుకోవచ్చు, పేపరు కప్పుకు ఏం రుచి?

కిలోమీటరు లోపు మరో ఔట్‌లెట్ ఇవ్వబోమని కూడా రాశారు. మూడు నెలలకే పట్టాల అవతల అరండల్‌పేటలో బోర్డు లేని వంటగది ఒకటి మొదలైంది, యాప్ ఆర్డర్లకు మాత్రమే. అడిగితే, ‘అది ఔట్‌లెట్ కాదండీ, కిచెన్’ అన్నారు. అగ్రిమెంటు తిరగేస్తే ఔట్‌లెట్ అంటే కస్టమరు కూర్చునే చోటు అని నిర్వచనం. యాప్ అమ్మకాలు, వంటగదులు కూడా ఆ కిలోమీటరులోకి వస్తాయని సంతకానికి ముందే రాయించుకోవాల్సింది.

కంపెనీ 30 రోజుల నోటీసుతో రద్దు చేయొచ్చు. వీడు 36 నెలల్లోపు మానేస్తే డిపాజిట్ మొత్తం పోతుంది. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలాంటి జరిమానాలో న్యాయమైనంత పరిహారమే ఇప్పించాలి. కానీ ఆ వాదన వినిపించడానికి మధ్యవర్తి దగ్గరకు బెంగళూరు పోవాలని మరో క్లాజు! ఖర్చులు లెక్కేసుకుని వాడు ఊరుకున్నాడు.

మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో సంతకానికి, డబ్బుకు కనీసం 14 రోజుల ముందు కంపెనీ తన కేసులు, మూతపడిన షాపుల లెక్క, పాత ఫ్రాంచైజీల ఫోన్ నంబర్లతో సహా రాసి ఇవ్వాలి. ఇక్కడా కేంద్రం అలాంటి నిబంధన తేవాలి. అప్పటిదాకా కొత్తగా తీసుకునేవాళ్లు అదే బ్రాండులో మూసేసిన షాపు ఒకటి వెతికి, ఆ యజమానిని డిపాజిట్ తిరిగొచ్చిందా అని అడగండి.

ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు