ఇల్లు ఖాళీ చేసినవారు లెక్కలోంచి జారిపోతే

సంపాదకులు గారికి,

నమస్కారం. ‘గత సర్వేతో పోలిస్తే బస్తీల్లో జీతం వచ్చే కుటుంబాలు పెరిగాయి’, ‘పనిచేసే మహిళల సంఖ్య తగ్గింది’ వంటి శీర్షికలు పత్రికల్లో తరచుగా చూస్తున్నాము. ఇలాంటి అంకెల్లో కొన్ని ప్యానెల్ సర్వేల నుంచి వస్తాయి. అంటే ఒకసారి ఎంచుకున్న కుటుంబాలనే ఏళ్ల తరబడి విడతలవారీగా మళ్లీ మళ్లీ కలిసి, అవే ప్రశ్నలు అడిగి, వారి జీవితంలో వచ్చిన మార్పును లెక్కగట్టే సర్వేలు. హైదరాబాద్ బస్తీల్లో అలాంటి ఒక అధ్యయనంలో కొన్నేళ్లు ఫీల్డ్ సూపర్‌వైజరుగా పనిచేసిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను. అసలు మార్పే జరగకపోయినా మార్పు జరిగినట్టు అంకెలు చూపించగలవన్న సంగతి మీ పాఠకులకు తెలియాలని నా కోరిక.

మొదటి కారణం, మనుషులు దొరకకపోవడం. దీన్ని సర్వే పరిభాషలో అట్రిషన్ అంటారు. ఒక్కో విడతలో నూటికి 5 కుటుంబాలే జారిపోయినా, ఆరు విడతలు తిరిగేసరికి 100లో 73 లేదా 74 మాత్రమే మిగులుతాయి. మిగిలినవారి సంఖ్య తగ్గడం కంటే, జారిపోయినవారు ఎలాంటివారన్నదే పెద్ద ప్రశ్న. మన నగరంలో సొంత ఇల్లున్న కుటుంబం పదేళ్ల తర్వాత కూడా అదే గల్లీలో దొరుకుతుంది. పాలమూరు నుంచి వచ్చి కిరాయి గదిలో ఉంటున్న కుటుంబం మాత్రం, కిరాయి పెరిగినా, మేస్త్రీ పని ఇంకో చోట మొదలైనా సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోతుంది.

ఒక ఊహా లెక్క చూడండి. మొదటి విడతలో 1,000 కుటుంబాలను కలిశామనుకుందాం. వాటిలో సొంత ఇళ్లవి 600, కిరాయి ఇళ్లవి 400. సొంత ఇళ్లలో సగం, అంటే 300 కుటుంబాలకు నెల జీతం వస్తోంది. కిరాయి ఇళ్లలో 80 కుటుంబాలకే వస్తోంది. మొత్తం మీద 38 శాతం. రెండో విడతలో సొంత ఇళ్లవారు 540 మంది దొరికారు, కిరాయివారిలో సగమే, అంటే 200 మంది దొరికారు. ఈ మధ్యలో ఏ ఒక్క ఇంటి పరిస్థితీ మారలేదనుకున్నా, దొరికినవారిలో జీతమున్నవారి వంతు మునుపటిలాగే ఉంటే, జీతమున్నవారు 270, 40 కలిపి 310 అవుతారు. 740లో 310 అంటే దాదాపు 42 శాతం. ఒక్కరికీ కొత్తగా ఉద్యోగం రాకుండానే నాలుగు శాతం ‘ప్రగతి’ కనిపించింది.

దీన్ని సరిదిద్దడానికి దొరికిన ప్రతి కిరాయి కుటుంబాన్నీ రెండు కుటుంబాలుగా, ప్రతి సొంతింటి కుటుంబాన్నీ 1.11 కుటుంబాలుగా లెక్కిస్తారు. దీన్నే వెయిటింగ్ అంటారు. అప్పుడు మళ్లీ 38 శాతమే వస్తుంది. అయితే వెళ్లిపోయిన కిరాయిదారులూ ఉండిపోయిన కిరాయిదారులూ ఒకే తీరువారైతేనే ఈ సవరణ పనిచేస్తుంది. జీతం లేనివారే ఎక్కువగా వెళ్లిపోయి, దొరికిన 200 కిరాయి కుటుంబాల్లో 40కి బదులు 50కి జీతముంటే, వెయిటింగ్ చేశాక కూడా 40 శాతం వస్తుంది. ఈ తేడాను పట్టుకునే సులువైన పరీక్ష ఒకటుంది. ఇప్పుడు దొరికినవారు మొదటి విడతలో ఏం చెప్పారో, ఇప్పుడు దొరకనివారు అప్పుడు ఏం చెప్పారో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రెండూ వేరుగా ఉంటే పోలికను అనుమానించాలి. వెళ్లిపోయాక వారికి ఏమైందన్నది మాత్రం ఏ లెక్కా చెప్పదు, వెతికి కలవాల్సిందే.

వెతకడం కష్టమే గాని అసాధ్యం కాదు. మొదటి రోజే వేరే చోట ఉండే ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లు, సొంత ఊరి పేరు, ఇంటి యజమాని వివరాలు రాసుకోవాలి. విడతల మధ్య కాలంలో కూడా ఒకసారి పలకరించాలి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం హైదరాబాద్‌తో సహా వివిధ జిల్లాల్లో సుమారు 3,000 మంది పిల్లలను పెద్దవాళ్లయ్యేదాకా అనుసరించగలిగిందంటే, ఇల్లు మారినవారి వెంట వెళ్లడం వల్లనే. తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటివారిని కూర్చోబెట్టి ఫారం నింపేయడమే ఫీల్డులో జరిగే అతి పెద్ద తప్పు. అది అట్రిషన్‌ను తగ్గించదు, కనబడకుండా చేస్తుంది.

రెండో కారణం ప్రశ్న మారిపోవడం. ఇది నా కళ్ల ముందు జరిగింది. మా అధ్యయనంలో ఒక విడతలో పనిచేసే మహిళల శాతం ఒక్కసారిగా పడిపోయింది. ఇంగ్లిష్ ప్రశ్నపత్రం ఒక్క అక్షరం మారలేదు కాబట్టి ప్రశ్న అదేనని ఆఫీసులో అందరమూ నమ్మాము. జవాబులు సరిచూడటానికి బోరబండలో ఒక ఇంటికి వెళ్లాను. అరుగు మీద మిషను ముందు కూర్చుని ఒకామె ఫాల్ కుడుతోంది, పక్కనే ఇంకో ఆరు చీరలు మడత పెట్టి ఉన్నాయి. ఫారంలో మాత్రం ఆమె పని చేయదని ఉంది. ‘అక్కా, గత వారం నువ్వేం పని చెయ్యలేదని చెప్పినవా?’ అని అడిగాను. ‘ఉద్యోగం ఉందా అని అడిగిండ్రు మేడం, లేదని చెప్పిన. ఇది ఇంట్ల పని గదా’ అంది. కొత్త అనువాదకులు, పాత తెలుగు ప్రతి చూడకుండా, అంతకుముందు ‘డబ్బు వచ్చే పని ఏదైనా’ అని ఉన్నచోట ‘ఉద్యోగం’ అని రాశారు. మారింది మహిళల పని కాదు, మా మాట. చీర ఫాల్ కుట్టే ఆమెకూ, గాజులకు రాళ్లు అతికించే ఆమెకూ, ఇంట్లో అప్పడాలు చేసి అమ్మే ఆమెకూ ఉద్యోగం అంటే ఆఫీసే. ఆ పొరపాటు నా పర్యవేక్షణలోనే జరిగింది; శిక్షణ రోజునే రెండు తెలుగు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చదివి ఉంటే ఆ విడత పాడయ్యేది కాదు.

ప్రశ్నను ఎప్పటికీ మార్చకూడదని నేను అనడం లేదు. పాత ప్రశ్నలో లోపముంటే మార్చాల్సిందే. అయితే మార్చే విడతలో కుటుంబాలను చీటీలు వేసినట్టు రెండు సగాలుగా విడదీసి, ఒక సగాన్ని పాత మాటతో, మరో సగాన్ని కొత్త మాటతో అడగాలి. రెండు సగాల మధ్య వచ్చే తేడాయే మాట మార్చినందువల్ల వచ్చిన తేడా. రెండింటినీ ఒకే ఇంట్లో అడిగితే ఒక జవాబు రెండోదాన్ని తనవైపు లాగుతుంది. ప్యానెల్ కాకపోయినా, 1999–2000 నాటి జాతీయ శాంపుల్ సర్వేలో అదే జరిగింది. తిండి ఖర్చును గత 7 రోజులకూ, గత 30 రోజులకూ ఒకే కుటుంబాన్ని పక్కపక్కన అడిగారు. అంతకుముందు ఆ రెండు కాలాలనూ వేర్వేరు కుటుంబాలను అడిగినప్పుడు 7 రోజుల లెక్కలో ఖర్చు ఎక్కువగా వచ్చేది. ఈసారి రెండు జవాబులూ దగ్గరపడ్డాయి. ఖర్చు ఎక్కువగా నమోదైతే పేదరికం తక్కువగా కనిపిస్తుంది కాబట్టి, 1993–94లో 36 శాతంగా ఉన్న పేదరికం 26.1 శాతానికి తగ్గిందన్న అధికారిక అంకెలో నిజమైన తగ్గుదల ఎంత, ప్రశ్న తీరు వల్ల వచ్చింది ఎంత అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకోవాల్సి వచ్చింది.

అందువల్ల మీ పత్రికకు నా విన్నపం ఇది. ‘గతంతో పోలిస్తే’ అన్న సర్వే వార్తను ప్రచురించేటప్పుడు, మొదటి విడతలో కలిసినవారిలో ఇప్పుడు ఎంతమంది దొరికారో ఒక వాక్యంలో చెప్పండి. రెండు విడతల్లోనూ ప్రజలను తెలుగులోనూ ఉర్దూలోనూ ఏ మాటలతో అడిగారో సర్వే సంస్థను అడిగి తెలుసుకుని, ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టుగా వార్త పక్కన వేయండి. ఇంగ్లిష్ ప్రశ్నపత్రం చూపిస్తే ఒప్పుకోవద్దు.

భవదీయురాలు,
ఒక మాజీ సర్వే సూపర్‌వైజర్,
హైదరాబాద్