అడ్వాన్సు అర్జీ గురించి అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీర్వదించి నాన్న వ్రాయునది.

అమ్మ తుంటి ఎముక ఆపరేషను గురువారం ఖాయమైంది. శ్రీసిటీలోని మీ కంపెనీకి ఇవ్వాలని నీవు రాసి పంపిన అడ్వాన్సు అర్జీ చదివాను. ఇరవై ఆరేళ్లు మిల్లు అకౌంట్లలో కూర్చుని ఇలాంటివి ఎన్నో చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను, అది ఉన్నది ఉన్నట్లుగా ఇవ్వవద్దు.

నీవు 1,50,000 రూపాయలు అడిగి, ఆరు నెలల్లో తీరుస్తానన్నావు. అంటే నెలకు 25,000. పీఎఫ్ పోగా నీ చేతికి వచ్చేదే 34,000. వేతనాల చట్టం ప్రకారం నెల కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు గనుక, ఆ లెక్క చూడగానే గుమాస్తా నీ అర్జీని పక్కన పెడతాడు. తొందరగా తీరుస్తామంటే ఇస్తారనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇచ్చేవాడు చూసేది కోత మధ్యలో ఆగదు కదా అనే.

ఆసుపత్రి అంచనా 1,60,000. నా ఫిక్సెడ్ డిపాజిట్ 70,000 తీస్తున్నాను. తక్కువ పడేది 90,000 మాత్రమే, అదే అడుగు. నెలకు 9,000 చొప్పున పది వాయిదాలు పెడితే నీకు 25,000 మిగులుతుంది. హాస్టలుకు 9,000, స్కూటరు వాయిదాకు 4,000 పోయినా, అమ్మ మందులకూ ఫిజియోథెరపీకీ నీ ఖర్చులకూ 12,000 ఉంటుంది.

ఇంకొక సంగతి నీకు తట్టినట్టు లేదు. సెప్టెంబరులో పది రోజులు జీతం లేని సెలవు పెడుతున్నావు కాబట్టి ఆ నెల చేతికి సుమారు 23,000 మాత్రమే వస్తుంది. ఆ నెలలోనే కోత మొదలైతే మొదటి వాయిదాకే ఇబ్బంది పడతావు. అందుచేత ఇలా రాయి:

"మా అమ్మగారి శస్త్రచికిత్స నిమిత్తం 90,000 రూపాయలు అడ్వాన్సుగా బుధవారంలోగా మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. ఈ మొత్తాన్ని అక్టోబరు జీతం మొదలు జులై జీతం వరకు నెలకు 9,000 రూపాయల చొప్పున పది వాయిదాలలో నా జీతం నుండి మినహాయించుకొనుటకు సమ్మతిస్తున్నాను. ఈలోగా ఉద్యోగం మానినచో, మిగిలిన బాకీని నాకు రావలసిన తుది లెక్కలో సర్దుకోవచ్చును."

ఆ చివరి వాక్యం తీసివేయకు. అడగకముందే నీవు రాస్తే వారికి అనుమానం ఉండదు. అర్జీకి ఆసుపత్రి ముద్ర ఉన్న అంచనా పత్రం ఒక్కటే జతచెయ్యి. ఎక్స్-రేలూ కేసు కాగితాలూ ఆఫీసులో నలుగురి చేతుల్లో తిరగనవసరం లేదు. ముందు మీ సూపర్‌వైజరుకు చూపించి సంతకం తీసుకున్నాకే హెచ్.ఆర్.కు పంపు, మంజూరును నోటిమాటగా కాక మెయిల్‌లో ఇమ్మను.

అంచనా పత్రం ఫొటో తీసి ఈ పూటే పంపుతాను. నీ స్కూటరు వాయిదా మాత్రం తప్పకూడదని అమ్మ పడక మీద నుంచే చెప్పమంది.

ఇట్లు,
నాన్న